తర్వాత జరిగిందంతా ఫలితం కాదు

ప్రశ్న: నమస్కారం మేడమ్. మా బాబు తొమ్మిదో తరగతి. వాళ్ల టీచర్ హిస్టరీ వర్క్‌షీట్‌ను ఫోటో తీసి పంపిస్తారు, పిల్లలు నోట్‌బుక్‌లో జవాబులు రాయాలి. ఈసారి ఫ్రెంచ్ విప్లవం మీద మూడు కారణం–ఫలితం ప్రశ్నలు వచ్చాయి, ఒక్కోదానికి చిన్న పేరా. వాడికి పాఠం బాగా వచ్చు, తేదీలతో సహా చెప్తాడు. అయినా అయిదేసి మార్కులకి రెండు, సున్నా, ఒకటి వేశారు. పక్కన "ఎలా?" అని మాత్రం రాశారు. వాడు రాసినదాంట్లో తప్పేముందో నాకూ అర్థం కావట్లేదు. వర్క్‌షీట్ ఫోటో, వాడి జవాబులు పంపిస్తున్నాను. వాడు బాగా టెన్షన్ పడుతున్నాడు, చూసి చెప్పండి.

జవాబు: ముందు రెండో జవాబు చూద్దాం, సున్నా వచ్చింది దానికే కాబట్టి. అందులో బాబు రాసిన విషయాలన్నీ నిజమే. 1788 జూలై 13న ఫ్రాన్స్‌లో పెద్ద వడగళ్ల వాన పడిందనీ, పంటలు దెబ్బతిన్నాయనీ, ఆ చలికాలంలో నదులు గడ్డకట్టి పిండి మరలు ఆగిపోయాయనీ, రొట్టె ధర అందుకే పెరిగిందనీ రాశాడు. ఇంత చక్కగా రాసిన పిల్లవాడికి సున్నా ఎందుకు పడిందా అని మీరు పంపిన ఫోటోను పెద్దది చేసి చూశాను. కాగితం మడత సరిగ్గా ఆ ప్రశ్న మీదుగా పోయింది. మడత నీడలో "పెరగడ", "కారణ" అన్న ముక్కలు మాత్రమే తేలిగ్గా కనిపిస్తున్నాయి. మీ బాబు దాన్ని "రొట్టె ధర పెరగడానికి కారణాలు ఏమిటి?" అని నోట్‌బుక్‌లో ఎక్కించుకున్నాడు. అక్కడ అచ్చయి ఉన్నది "1788–89లో రొట్టె ధర పెరగడం కారణంగా పారిస్‌లో ఏం జరిగింది?" అని.

తెలుగులో ఈ రెండింటికీ తేడా చాలా చిన్నది. "పెరగడానికి కారణం" అంటే ధర పెరగకముందు ఏం జరిగిందో చెప్పాలి. "పెరగడం కారణంగా" అంటే పెరిగాక ఏం జరిగిందో చెప్పాలి. మధ్యలో రెండక్షరాలు మసకబారితే ప్రశ్న తలకిందులైపోతుంది. "ఫలితం", "ఫలితంగా" అన్న మాటలతోనూ ఇదే గొడవ. "కరువు ఫలితం" అంటే కరువు తర్వాతి సంగతి. "కరువు దేని ఫలితం?" అంటే కరువుకు ముందు సంగతి. అచ్చు కాగితం చేతిలో ఉంటే పిల్లలు వేలు పెట్టి చదువుకుంటారు. ఫోనులో ఫోటో అయితే తెలిసిన మాట ఒకటి కంటబడగానే మిగతాది మనసే పూరించేస్తుంది.

కాబట్టి ఫోటో వచ్చిన వెంటనే జవాబు మొదలుపెట్టనివ్వకండి. మొదట ప్రతి ప్రశ్ననూ పెద్దది చేసి, ఒక్కో మాటా చూసి, చేత్తో నోట్‌బుక్‌లో రాసుకోమనండి. తర్వాత ప్రశ్నలో చెప్పిన ఘటనను రఫ్ కాగితం మధ్యలో రాసి, చుట్టూ ఒక గడి గీయాలి. ప్రశ్న కారణం అడిగితే గడికి ఎడమవైపు ఖాళీ పెట్టి, అక్కడి నుంచి గడిలోకి బాణం వెయ్యాలి. ఫలితం అడిగితే బాణం గడిలోంచి కుడివైపుకు పోవాలి. ఆ బాణం ఎటు పోతుందో చెప్పలేకపోతే ప్రశ్న సరిగ్గా చదవలేదన్నమాట. అప్పుడు ఊహించి రాయకుండా ఆ భాగం మళ్లీ ఫోటో తీసి పంపమని టీచర్‌ను అడగాలి. అలా అడగడానికి పిల్లలు మొహమాటపడతారు గానీ, ఏ టీచరూ దానికి కోప్పడరు.

ఫోటోలో నేను చూసినవి ఇంకో రెండున్నాయి. కుడి అంచు తెగిపోవడంతో మొదటి ప్రశ్న చివర బ్రాకెట్ తెరుచుకుని ఉంది, లోపల అంకె లేదు. మార్కులు అక్కడే ఉండి ఉంటాయి. పేజీ పైన సూచనల లైను సగమే పడింది. "ఒక్క కారణం తీసుకుని..." అన్నంతవరకు చదవగలిగాను. ఆ మిగతా సగం చాలా ముఖ్యం. ఒక్క కారణాన్ని వివరించమన్నారంటే అయిదు కారణాలు ఒక్కో వాక్యంలో చెప్పిన జవాబుకు ఎక్కువ మార్కులు రావు. మీ బాబు మొదటి జవాబులో సరిగ్గా అదే చేశాడు.

మొదటి ప్రశ్న ఇది: "1789లో 16వ లూయీ ఎస్టేట్స్ జనరల్‌ను ఎందుకు సమావేశపరిచాడు?" బాబు జవాబు ఇలా ఉంది: "16వ లూయీ 1774లో రాజయ్యాడు. ఖజానా ఖాళీగా ఉంది. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో సాయం చేశాడు. వర్సెయిల్స్ రాజభవనానికి చాలా ఖర్చయ్యేది. మూడో ఎస్టేట్ వారే పన్నులు కట్టేవారు. 1789 మే 5న ఎస్టేట్స్ జనరల్‌ను సమావేశపరిచాడు."

ఎస్టేట్స్ జనరల్ అంటే మతాధికారులు, ప్రభువులు, సామాన్యులు అన్న మూడు వర్గాల ప్రతినిధుల సభ, మూడో ఎస్టేట్ అంటే అందులో సామాన్యులు. బాబు రాసిన ఆరు వాక్యాలూ పాఠంలో ఉన్నవే. కానీ అవి ఒకదాని పక్కన ఒకటి నిలబడి ఉన్నాయి, ఒకదాని చెయ్యి ఇంకొకటి పట్టుకోలేదు. టీచర్ "ఎలా?" అని రాసింది అయిదో వాక్యానికీ ఆరో వాక్యానికీ మధ్య. ఆ గుర్తు పెట్టిన చోటు చూస్తే ఆవిడ ఏం అడుగుతున్నారో తెలిసిపోతుంది. ఖజానా ఖాళీ అయితే రాజు అప్పు చెయ్యొచ్చు, ఖర్చు తగ్గించుకోవచ్చు, ఉన్న పన్నులే పెంచొచ్చు. అవన్నీ వదిలేసి, 1614 తర్వాత ఒక్కసారి కూడా కూర్చోని సభను పిలవాల్సిన అవసరం ఎందుకొచ్చింది? జవాబు ఉండేది అక్కడే. అయిదుకి రెండు వచ్చింది విషయాలు సరైనవి కాబట్టి, మిగతా మూడు పోయింది ఈ మధ్య మెట్టు లేదు కాబట్టి.

ఆ మెట్టు ఏమిటో చెప్తాను. అమెరికా యుద్ధానికి చేసిన సాయంతో ఫ్రాన్స్ అప్పు బాగా పెరిగింది. 1788 నాటికి ప్రభుత్వ ఖర్చులో దాదాపు సగం పాత అప్పుల చెల్లింపుకే పోతోంది. ఇంకా అప్పు చెయ్యడం అంతకంతకూ కష్టమైంది. పన్నుల భారమంతా ముఖ్యంగా మూడో ఎస్టేట్ మీదే ఉంది, వాళ్లని ఇంకా పిండడానికి ఏమీ లేదు. మిగిలింది ఇన్నాళ్లూ చాలా మినహాయింపులు అనుభవిస్తున్న ప్రభువులు, మతాధికారులు. ఆర్థిక వ్యవహారాలు చూసే కలోన్ అనే ఆయన భూమి ఉన్న ప్రతివాళ్లూ కట్టే పన్ను ఒకటి ప్రతిపాదించాడు. 1787లో ప్రభువులు, మతాధికారులే ఎక్కువగా ఉన్న ప్రముఖుల సభను పిలిచి దాన్ని ముందుపెడితే వాళ్లు ఒప్పుకోలేదు. పార్లమా అని పిలిచే పెద్ద న్యాయస్థానాలు కూడా, కొత్త పన్నుకు ఒప్పుకునే అధికారం ఎస్టేట్స్ జనరల్‌కే ఉందని పట్టుబట్టాయి. 1788 ఆగస్టుకు ఖజానా చెల్లింపులు ఆపుకునే దశకు వచ్చింది. అప్పుడు రాజుకు ఆ సభను పిలవడం తప్ప దారి లేకపోయింది.

ఇంతా రాయక్కర్లేదు. వర్క్‌షీట్‌లో ప్రతి ప్రశ్న కిందా ఆరు గీతలున్నాయి, అంటే యాభై అరవై మాటలు. ఇలా రాస్తే సరిపోతుంది:

"16వ లూయీ కొత్త పన్నులకు ఆమోదం పొందడానికి ఎస్టేట్స్ జనరల్‌ను పిలిచాడు. అమెరికా యుద్ధానికి సాయం చేయడం వల్ల ఫ్రాన్స్ అప్పులు పెరిగి, 1788 నాటికి ప్రభుత్వ ఖర్చులో సుమారు సగం వాటి చెల్లింపులకే పోయేది. ఆ లోటు తీరాలంటే అప్పటిదాకా మినహాయింపు ఉన్న ప్రభువుల మీద కూడా పన్ను వేయాలి. కానీ 1787లో ప్రముఖుల సభ అందుకు ఒప్పుకోలేదు, కొత్త పన్ను వేసే అధికారం ఎస్టేట్స్ జనరల్‌కే ఉందని న్యాయస్థానాలు వాదించాయి. అందువల్ల 1614 తర్వాత కూర్చోని ఆ సభను రాజు 1789 మే 5న సమావేశపరచాల్సి వచ్చింది."

ఇందులో వర్సెయిల్స్ ఖర్చు లేదు, లూయీ రాజైన సంవత్సరం లేదు. అవి అబద్ధాలని కాదు, ఈ బాణానికి అక్కర్లేదు. పిల్లలకు తెలిసిన సంగతి వదిలెయ్యాలంటే ప్రాణం ఒప్పదు, నాకు తెలుసు. ఒక వాక్యం ఉంచాలా వద్దా అని అనుమానం వస్తే దాన్ని వేలితో మూసి మిగతాది చదవమనండి. అది లేకుండా కూడా జవాబు నిలబడితే ఆ వాక్యం అలంకారమే. "ప్రముఖుల సభ ఒప్పుకోలేదు" అన్న వాక్యాన్ని మూసి చూడండి, పేరా మధ్యలో గొయ్యి పడుతుంది. అదే అసలు వాక్యం.

ఈ ప్రశ్నలో ఇంకో సంగతి ఉంది. తెలుగులో "ఎందుకు" అన్న మాట రెండు పనులు చేస్తుంది. "ఏ కారణం వల్ల" అని అడుగుతుంది, "ఏ పని కోసం" అని కూడా అడుగుతుంది. లూయీ ఆ సభను పిలిచింది పన్నుల కోసం, అది అతని ఉద్దేశం. పిలవాల్సి వచ్చింది అప్పుల వల్ల, ప్రభువుల నిరాకరణ వల్ల. అది కారణం. పైన రాసిన పేరాలో మొదటి వాక్యం ఉద్దేశం చెప్పింది, మిగతావి కారణం చెప్పాయి. మనుషులు చేసిన పని గురించి "ఎందుకు" అని అడిగినప్పుడల్లా రెండూ చెప్పడం మంచిది. కరువు, ధరల లాంటి వాటికి ఉద్దేశం ఉండదు, అక్కడ కారణం ఒక్కటే.

ఈ తేడా తెలియకపోతే ఎంత దూరం తప్పుతామో మూడో జవాబులో ఉంది. ప్రశ్న: "బాస్టిల్ పతనం ఫ్రాన్స్ గ్రామాలపై ఎలాంటి ప్రభావం చూపింది?" మీ బాబు ఒకే వాక్యం రాశాడు: "రొట్టె ధర పెరిగి, ప్రజలకు కోపం వచ్చి, రొట్టెల కోసం 1789 జూలై 14న బాస్టిల్ కోట మీద దాడి చేసి, ఖైదీలను విడిపించి, తర్వాత 1792లో రిపబ్లిక్ ఏర్పడి, 1793లో రాజును ఉరితీశారు."

ఈ వాక్యం దగ్గర కాసేపు ఆగుదాం, ఎందుకంటే నేను దిద్దిన కాగితాల్లో ఎక్కువగా కనిపించిన తప్పు ఇదే. పెరిగి, వచ్చి, చేసి, విడిపించి, ఏర్పడి. మన భాషలో ఈ "ఇ" తో ఎన్ని పనులనైనా దండలా గుచ్చుకుంటూ పోవచ్చు. కథ చెప్పేటప్పుడు అది ఎంతో సొగసు. కానీ "స్నానం చేసి బడికి వెళ్లాడు" అన్నప్పుడు స్నానం బడికి కారణం కాదు. "జారి పడ్డాడు" అన్నప్పుడు జారడం పడడానికి కారణమే. రెండు చోట్లా ఉన్నది అదే "ఇ". అది కారణమో, ఉత్త వరసో చదివేవాళ్లే తేల్చుకోవాలి. దిద్దే టీచర్ తేల్చుకోరు, పిల్లవాడు తేల్చాడా అని చూస్తారు. అందుకే కారణం–ఫలితం జవాబుల్లో బాణం ఉన్న చోట ఈ దండను తెంపి "అందువల్ల", "దాంతో", "కాబట్టి", "దీని మూలంగా" అని విడిగా రాయించండి. ఒక వాక్యంలో ఒక్క "ఇ" ఉంటే ఫరవాలేదు, మూడోది వచ్చిందంటే అక్కడ ఏదో ఒక "ఎలా?" దాక్కుని ఉంటుంది.

దండను తెంపితే ఏం బయటపడుతుందో చూడండి. రొట్టె ధర పెరగడం వల్ల బాస్టిల్ మీద దాడి జరిగిందా? ఆ రోజుల్లో పారిస్‌లో రొట్టె చాలా ప్రియం, జనం ఆకలితో, ఆగ్రహంతో ఉన్నారు, అది నిజం. కానీ ఆ కోటలో రొట్టెలు లేవు. జూలై 11న రాజు నెకర్ అనే మంత్రిని తీసేశాడు, నెకర్ తమ మేలు కోరేవాడని జనం నమ్మేవారు. పారిస్ చుట్టూ సైన్యం చేరుతోంది. తమ మీద దాడి జరగబోతోందని నగరం భయపడింది. జూలై 14 పొద్దున జనం ఇన్వాలిడ్ భవనంలోంచి వేల సంఖ్యలో తుపాకులు తెచ్చుకున్నారు. తుపాకులున్నాయి గానీ మందు లేదు. తుపాకీమందు బాస్టిల్‌లో ఉంది. అందుకే అక్కడికి వెళ్లారు. ఖైదీల కోసం కూడా కాదు, ఆ రోజు లోపల ఉన్నది ఏడుగురే.

అంటే ఒకే ఘటనకు మూడు రకాల "ఎందుకు" ఉన్నాయి. రొట్టె కరువు చాలా నెలలుగా కింద రాజుకుంటున్న నిప్పు. నెకర్ తొలగింపు, సైన్యం కదలికలు దాన్ని ఎగదోసిన గాలి. తుపాకీమందు వాళ్లు వెతుక్కుంటూ వెళ్లిన వస్తువు. మొదటిదాన్ని దీర్ఘకాలిక కారణం అంటారు, రెండోదాన్ని తక్షణ కారణం, మూడోది ఉద్దేశం. వర్క్‌షీట్‌లో "తక్షణ కారణం" అని అడిగితే వడగళ్ల వాన గురించి రాయకూడదు, "మూల కారణాలు" అని అడిగితే నెకర్ ఒక్కడితో ఆపకూడదు. ఈ పేర్లు బట్టీ పట్టించకండి. "ఇది ఆ రోజే ఎందుకు జరిగింది, అంతకు ఏడాది ముందు ఎందుకు జరగలేదు?" అని అడగండి. దానికి జవాబిచ్చేది తక్షణ కారణం.

సరే, ఇదంతా బాస్టిల్ దాడికి ముందు సంగతి. మూడో ప్రశ్న అడిగింది తర్వాతి సంగతి, అదీ గ్రామాల్లో. మీ బాబు ఎడమవైపున చాలాసేపు నడిచి, గడి దాటగానే ఒక్క గెంతులో 1792కి వెళ్లిపోయాడు. బాస్టిల్ తర్వాతే రిపబ్లిక్ వచ్చింది, రాజు శిరచ్ఛేదమూ తర్వాతే జరిగింది. ఉరి అని రాయకూడదు, గిలెటిన్‌తో తల తీశారు. కానీ మధ్యలో మూడేళ్లకు పైగా ఉంది. ఆ మూడేళ్లలో రాజు పారిపోబోయి దొరికిపోవడం, ఆస్ట్రియాతో యుద్ధం, ఇంకా ఎన్నో జరిగాయి. వాటిని దాటేసి బాస్టిల్ నుంచి గిలెటిన్‌కు బాణం వేస్తే, అది తర్వాత జరిగిందని చెప్పినట్టే గానీ, దానివల్ల జరిగిందని చూపినట్టు కాదు. ఫలితం అడిగినప్పుడు ఘటనకు దగ్గరగా, ప్రశ్న చెప్పిన చోట వెతకాలి. ఇక్కడ ప్రశ్నే "గ్రామాలపై" అని చోటు చెప్పింది. జవాబులో గ్రామం అన్న మాటే లేదు, ఆ ఒక్క మార్కు కూడా టీచర్ దయతో వేసినట్టున్నారు.

గ్రామాల్లో జరిగింది నిజంగా ఆసక్తిగా ఉంటుంది, పిల్లలకు కథలా చెప్పండి. బాస్టిల్ పడిపోయిందన్న వార్త పల్లెలకు చేరింది, దాంతోపాటు పుకార్లూ చేరాయి. పంట కోతకు వచ్చే రోజులవి. ప్రభువులు పగ తీర్చుకోవడానికి దొంగల ముఠాలను పురమాయించారనీ, వాళ్లు పైరును నాశనం చెయ్యడానికి వస్తున్నారనీ ఊరి నుంచి ఊరికి పాకింది. ఆ ముఠాలు ఎక్కడా రాలేదు. కానీ రైతులు కత్తులు, కర్రలు, పంగల కర్రలు పట్టుకుని సిద్ధమయ్యారు. ఎవరూ రాకపోయేసరికి, చాలాచోట్ల ఆ గుంపులు ప్రభువుల కోటల మీదికి మళ్లాయి. ధాన్యపు గాదెలు దోచారు, ప్రభువుకు ఎవరు ఏమేం కట్టాలో రాసిపెట్టిన పత్రాలను తగలబెట్టారు. పత్రాలు కాల్చడంలో వాళ్ల ఉద్దేశం స్పష్టంగా కనిపిస్తుంది, కాగితమే లేకపోతే బాకీ అడిగే ఆధారం ఉండదు. ఆ జూలై చివరి రోజులను చరిత్రలో మహాభయం అంటారు. ఈ మంటలు చూసి, మూడో ఎస్టేట్ ప్రతినిధులు ఏర్పరచుకున్న జాతీయ అసెంబ్లీ ఆగస్టు 4 రాత్రి భూస్వామ్య హక్కుల రద్దుకు తీర్మానించింది.

దీన్ని ఆరు గీతల్లో పెడితే:

"బాస్టిల్ పతనం గ్రామాల్లో భూస్వామ్య ప్రభువులపై తిరుగుబాటుకు ఊపునిచ్చింది. ఆ వార్తతోపాటు, పైరును నాశనం చేయడానికి ప్రభువులు దొంగల ముఠాలను పంపుతున్నారన్న పుకారు పల్లెల్లో వ్యాపించింది. ఆ భయంతో రైతులు ఆయుధాలు పట్టారు. ముఠాలు రాకపోయినా, ప్రభువులపై అప్పటికే ఉన్న కోపం వల్ల చాలాచోట్ల కోటలపై దాడిచేసి పన్నుల పత్రాలను తగలబెట్టారు. ఈ అల్లర్లను చల్లార్చడానికి జాతీయ అసెంబ్లీ 1789 ఆగస్టు 4న భూస్వామ్య హక్కులను రద్దు చేయాలని నిర్ణయించింది."

ఇక్కడ "ఊపునిచ్చింది" అన్న మాటను కావాలనే వాడాను. "బాస్టిల్ పతనం వల్ల గ్రామాల్లో తిరుగుబాటు మొదలైంది" అంటే పూర్తి నిజం కాదు. తిండి గింజల కొరతతో ఆ ఏడాది వసంతంలోనే కొన్నిచోట్ల పల్లెల్లో గొడవలు మొదలయ్యాయి. కాబట్టి బాస్టిల్ వాటిని పుట్టించలేదు, ఉధృతం చేసింది. ఒక కారణం ఎంత పని చేసిందో అంతే చెప్పాలి. "మొదలైంది", "పెరిగింది", "త్వరపడింది", "సాధ్యమైంది" అన్నవి నాలుగు వేర్వేరు మాటలు. పిల్లలు సాధారణంగా అన్నిటికీ మొదటిదే వాడతారు. సరైన క్రియ ఒక్కటి ఎంచుకుంటే దిద్దేవాళ్లకు ఈ పిల్లవాడికి విషయం అర్థమైందని వెంటనే తెలుస్తుంది. "అప్పటికే ఉన్న కోపం" అని చేర్చడమూ అందుకే. పుకారు ఒక్కదానితో పత్రాలు కాలవు, పాత బాకీల బాధ లేకపోతే రైతులు ఆ పత్రాల జోలికి పోయేవాళ్లే కాదు.

అలాగే "ప్రజలకు కోపం వచ్చింది" అన్న వాక్యం జవాబులో ఒంటరిగా కనిపిస్తే అనుమానించండి. చరిత్రలో ప్రతి తిరుగుబాటుకూ ఆ వాక్యం అతుకుతుంది, అందుకే అది దేన్నీ వివరించదు. ఎవరికి, దేనిమీద, ఆ కోపంతో ఏం చేశారు అన్న మూడూ చేరితేనే అది జవాబవుతుంది.

మళ్లీ రెండో ప్రశ్నకు వస్తే, "రొట్టె ధర పెరగడం కారణంగా పారిస్‌లో ఏం జరిగింది?" దీనికి పేరా నేను రాసిపెట్టను, బాబు రాయాలి. కావలసిన సరుకు మాత్రం ఇస్తాను. మామూలు రోజుల్లో నాలుగు పౌండ్ల రొట్టె 8 లేక 9 సూలు ఉండేది, సూ అంటే అప్పటి చిన్న నాణెం. 1789 ఫిబ్రవరికి అది 14 సూలు దాటింది. పారిస్‌లో రోజుకూలి చేసేవాళ్ల సంపాదన 20 నుంచి 30 సూల దాకా ఉండేది. అంటే ఒక్క రొట్టెకే కూలిలో సగమో, అంతకన్నా ఎక్కువో పోయేది. ఇక్కడ ఆగి "అలా పోతే ఏమవుతుంది?" అని వాడిని అడగండి. బట్టలు కొనడం మానేస్తారు. మానేస్తే? బట్టలు తయారుచేసే చోట్ల సరుకు అమ్ముడుపోదు. పోకపోతే? అక్కడి పనివాళ్లకు పని పోతుంది. ధర పెరిగిన సమయంలోనే కూలి కూడా పోయిందన్నమాట. ఈ మెట్టు పిల్లలు తరచుగా వదిలేస్తారు, నాకు మాత్రం ఈ జవాబులో అన్నిటికన్నా విలువైనది ఇదే. ధర పెరగడం ఒక్కటే అయితే అర్ధాకలితో గడిపేవారేమో, పని కూడా పోయినవాళ్లు వీధుల్లోకి వచ్చారు.

ఇంకో కొమ్మ కూడా ఉంది. ఎవరో ధాన్యం దాచేస్తున్నారన్న అనుమానం నగరమంతా ఉండేది. జూలై 13న ఒక గుంపు సెయింట్ లజార్ మఠం మీద పడి అక్కడి ధాన్యం బయటికి తీసుకుపోయింది. రొట్టె ధరకూ, జనం దాడికీ మధ్య సూటిగా బాణం వెయ్యాలంటే బాస్టిల్ కన్నా ఇదే సరైన ఉదాహరణ, ఎందుకంటే ఇక్కడ వాళ్లు నిజంగా ధాన్యం తీసుకున్నారు. అక్టోబర్ 5న రొట్టె కోసం పారిస్ ఆడవాళ్లు వర్సెయిల్స్‌కు నడిచి వెళ్లిన సంగతి బాబు పాఠంలో చదివే ఉంటాడు, దాన్ని కూడా రాస్తానంటాడు. వద్దనండి. అక్టోబర్ నాటికి కొత్త పంట చేతికొచ్చింది, అప్పటి కొరతకు వేరే సంగతులు కూడా తోడయ్యాయి. ప్రశ్నలో ఉన్నది 1788–89 ధర పెరుగుదల. ఆరు గీతల్లో ఒక దారి పూర్తిగా నడవడానికే చోటుంటుంది.

ఈ రెండు కొమ్మల్లో ఒకటి ఎంచుకుని, ముందు రఫ్ కాగితం మీద గడి, కుడివైపుకు మూడు బాణాలు వేయమనండి. ప్రతి బాణం మీదా "ఎలా?" అని వాడి చేత్తోనే రాయించండి. మూడింటికీ నోటితో జవాబు చెప్పగలిగాక పేరా రాయనివ్వండి. రాశాక ఆ పేరా, సూచనల లైను తెగకుండా తీసిన కొత్త వర్క్‌షీట్ ఫోటో రెండూ నాకు పంపండి. ఆ "ఒక్క కారణం తీసుకుని..." తర్వాత ఏముందో చూస్తే, మొదటి పేరాలో నేనిచ్చిన పొడవు సరిపోతుందో లేదో కూడా చెప్పగలను.